కేశవ నామాల వీడియోలు: ఏ చేతిలో ఏముంది?

కార్తీకం మొదటి వారం, విజయనగర, బెంగళూరు

పని మొదలైంది. ఇరవై నాలుగు కేశవ నామాలకు ఇరవై నాలుగు చిన్న వీడియోలు. ఒక్కోటి నిమిషంన్నర. నామం, దాని అర్థం, ఆ మూర్తి రూపం. అంతే. మార్గశిరానికి మాసాధిపతి కేశవుడు కాబట్టి మార్గశిరం మొదటి రోజున మొదటిది పెట్టాలని అనుకున్నాం. చూసేవాళ్లు ఎక్కువగా మా అత్తగారి వయసు వాళ్లు. అనంతపురం, హిందూపురం, కర్నూలు వైపు నుంచి పిల్లల ఉద్యోగాల వల్ల బెంగళూరు వచ్చి స్థిరపడినవాళ్లు. పొద్దున్నే ఆచమనం చేసి సంధ్యావందనం చేసేవాళ్లు, వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేవాళ్లు. అంటే ఈ పేర్లు వరసగా వచ్చినవాళ్లు. బొమ్మలో తేడా ఉంటే పట్టుకుంటారు.

బొమ్మలు గీయించే డబ్బు లేదు. అందుకే ఏఐ. అక్క కొడుకు ఎడిటింగ్ చూస్తాడు, బొమ్మలు నా పని. సరిచూసే పెద్దమనిషి మల్లేశ్వరంలో ఉండే శాస్త్రిగారు. రిటైరైన సంస్కృతం మాస్టారు, ఆగమం చదువుకున్నారు. "బొమ్మ నాకు చూపించకుండా బయటికి పంపొద్దు నాయనా" అన్నది ఆయన పెట్టిన ఒకే షరతు.

మొదటి బొమ్మలు

కేశవుడు అని అడిగితే అందమైన విష్ణువు వచ్చాడు. నీలం రంగు, బంగారు కిరీటం, వెనక మబ్బులు. నారాయణుడు అని అడిగినా ఆయనే వచ్చాడు. మాధవుడు, గోవిందుడు అన్నా ఆయనే, పట్టుపంచె రంగు మారిందంతే.

శాస్త్రిగారు ఫోను దూరంగా పెట్టుకుని చూసి, "ఇందులో కేశవుడు లేడు. ఇది మాధవుడు, ఇది జనార్దనుడు. ఇదిగో ఈయనకు రెండు శంఖాలున్నాయి, ఈయనెవరో నాకు తెలీదు" అన్నారు.

అసలు సంగతి ఇది. కేశవాది మూర్తులన్నీ నిలబడిన విష్ణువే. నాలుగు చేతులు, నాలుగు వస్తువులు: శంఖం, చక్రం, గద, పద్మం. ఏ వస్తువు ఏ చేతిలో ఉందన్నదే పేరును తేల్చేది. నాలుగు వస్తువుల్ని నాలుగు చేతుల్లో పెట్టే తీరులు సరిగ్గా ఇరవై నాలుగు. కేశవ నామాలూ ఇరవై నాలుగే. ఒక్క అమరికా మిగలదు, ఒక్కటీ రెండుసార్లు రాదు. చదివే పద్ధతి ప్రదక్షిణ క్రమం: స్వామి కింది కుడిచేయి, పై కుడిచేయి, పై ఎడమచేయి, కింది ఎడమచేయి. రూపమండనం అనే శిల్పశాస్త్ర గ్రంథం ప్రకారం కేశవుడికి ఆ వరసలో పద్మం, శంఖం, చక్రం, గద ఉండాలి.

మరి ఏఐకి కేశవుడు ఎందుకు రాడు? అది నేర్చుకున్న బొమ్మల్లో ఎక్కువ భాగం మనింట్లో వేలాడే క్యాలెండరు విష్ణువే. ఆయన పై కుడిచేతిలో చక్రం, పై ఎడమచేతిలో శంఖం. తిరుమల స్వామిదీ అదే అమరిక. కేశవుడికి శంఖం పై కుడిచేతిలో రావాలి, చక్రం ఎడమకు పోవాలి. ఆ రూపం లక్షల బొమ్మల్లో ఎక్కడో అరుదుగా ఉంటుంది. పైగా "కుడిచేతిలో" అని మాటల్లో రాస్తే స్వామి కుడా, చూసేవాడి కుడా అన్నది ఆ యంత్రానికి తేలదు. నాలుగు చేతులకు నాలుగు వస్తువులు విడివిడిగా చెప్పినా అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. గద చివర పద్మం పూస్తుంది, చక్రం నడుమ శంఖం మొలుస్తుంది. ఎంత వివరంగా రాసి అడిగినా ఇది తీరలేదు. అడిగే మాటలు మార్చితే బాగుపడే జబ్బు కాదిది.

ఫైలు పేర్లు

ముందు సరిచూసే పద్ధతి కావాలి. ప్రతి బొమ్మ ఫైలు పేరులోనే ఆయుధాల వరస పెట్టేశాం. పద్మానికి P, శంఖానికి S, చక్రానికి C, గదకు G. ఎప్పుడూ స్వామి కింది కుడిచేతి నుంచే మొదలు. మనం బొమ్మ ఎదురుగా ఉంటాం కాబట్టి మనకు కింద ఎడమవైపు మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే దిక్కున చదవాలి.

```
01_kesava_PSCG.png
02_narayana_SPGC.png
03_madhava_GCSP.png
04_govinda_CGPS.png
```

ఇలా రాసుకుంటే సంస్కృతం రాని అక్క కొడుకు కూడా బొమ్మను, ఫైలు పేరును పక్కపక్కన పెట్టి తప్పు చెప్పగలడు. శాస్త్రిగారి సమయం అక్షరాలు సరిపోయిన బొమ్మలకే ఖర్చవుతుంది.

పురాణాల్లోని పట్టికలు కొన్ని పేర్ల దగ్గర ఒకదానితో ఒకటి కలవవు. అగ్నిపురాణం ఒకటి చెబితే పద్మపురాణం ఇంకోటి చెప్పే చోట్లున్నాయి. మేం ఒక్క రూపమండనాన్నే పట్టుకుని, ఆ మాట వీడియో చివర రాస్తున్నాం. లేకపోతే సగం తెలిసినవారు "తప్పు" అంటారు, పూర్తిగా తెలిసినవారు "ఏ పాఠం?" అని అడుగుతారు. రెండో ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటే మొదటి గొడవ చాలావరకు రాదు.

అద్దం బొమ్మ

ఈ వారం కనిపెట్టిన సంగతి మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది.

చాలామంది వీడియో ఎడిటర్లకు ఒక అలవాటు ఉంది. ఒకే బొమ్మను రెండుసార్లు చూపించాల్సి వస్తే రెండోసారి కుడిఎడమలు తిప్పి వాడతారు, కొత్త షాట్‌లా కనబడుతుందని. రెడీమేడ్ టెంప్లేట్లలో కొన్ని తమంతట తామే అలా తిప్పేస్తాయి. అక్క కొడుకు తెచ్చిన ఒక టెంప్లేట్‌లో బొమ్మ మధ్యకు చీలి అద్దంలోలా రెండుగా విచ్చుకునే ఎఫెక్ట్ ఉంది. చూడటానికి బాగుంది.

కానీ కుడిఎడమలు తిప్పితే ఆయుధాల వరస వెనక్కి తిరుగుతుంది. పైన ఫైలు పేర్లు చూడండి. PSCG వెనక నుంచి చదివితే GCSP. అంటే కేశవుణ్ణి తిప్పితే మాధవుడు అవుతాడు. SPGC వెనక నుంచి CGPS. నారాయణుడు గోవిందుడవుతాడు. ఆచమనంలో మొదట వచ్చే నాలుగు పేర్లే ఇలా జంటలుగా తిరగబడతాయి. నేపథ్యంలో "కేశవాయ నమః" అని వినబడుతుంటే తెరమీద మాధవుడు నిలబడి ఉంటాడు, ఒక్క బటన్ నొక్కినందుకు.

ఇది వినగానే మావాడు తెలివిగా అన్నాడు: "అయితే మామా, ఏఐకి మాధవుడు సులువుగా వస్తున్నాడు కదా. ఆయన్నే తిప్పేస్తే కేశవుడు ఉచితంగా వచ్చినట్టే!"

తిప్పి చూశాం. ఆయుధాలు సరిపోయాయి. శాస్త్రిగారు మాత్రం ఒక్క క్షణం చూసి ఫోను తిరిగిచ్చేశారు. "జంధ్యం చూడు." ఎడమ భుజం మీద నుంచి రావాల్సిన యజ్ఞోపవీతం కుడి భుజం మీదికి వెళ్లింది. అది ప్రాచీనావీతం. తద్దినం పెట్టేటప్పుడు, తర్పణం వదిలేటప్పుడు వేసుకునే తీరు. శుభమా అని మార్గశిరం మొదటి రోజున స్వామిని ఆ తీరులో చూపిస్తే మా అత్తగారు నన్ను గుమ్మంలోకి రానివ్వరు.

కాబట్టి నియమం: దేవుడున్న పొరను తిప్పకూడదు. టైమ్‌లైన్‌లో ఆ పొరకు తాళం వేసి పెట్టాం. వినాయకుడి బొమ్మలకైతే ఇది మరీ అవసరం. ఎడమకు తిరిగిన తొండం కుడికి తిరిగితే భక్తుల లెక్కలో ఆయన పూజా నియమాలే వేరు.

సోమనాథపుర

మైసూరు దగ్గరి సోమనాథపుర కేశవాలయానికి వెళ్లొచ్చాం. పదమూడో శతాబ్దంలో కట్టిన హొయ్సళ గుడి. 2023లో బేలూరు, హళేబీడులతో పాటు యునెస్కో జాబితాలో చేరింది. గోడల చుట్టూ విష్ణు మూర్తులు వరసగా ఉంటాయి. కొన్నింటి చేతులు విరిగిపోయాయి, అక్కడ పేరు చెప్పడం కష్టం. ఉన్నవాటి దగ్గర నిలబడి అక్షరాల వరస చదువుకుంటూ తిరిగాం. ఏఐ బొమ్మల్లో నాకు ఏదో ఎబ్బెట్టుగా అనిపించేది, ఎందుకో తెలిసేది కాదు. ఇక్కడ తెలిసింది. శిల్పి పైచేతుల్లో శంఖ చక్రాలను వేళ్ల కొసలతో, బరువే లేనట్టు నిలబెడతాడు. ఏఐ గీసిన స్వామి చక్రాన్ని బస్సు స్టీరింగులా గట్టిగా పట్టుకుంటాడు.

చివరికి కుదిరిన పద్ధతి

ఆయుధాలను ఏఐ చేతిలోంచి తీసేశాం.

ముందు ఓపెన్‌పోజ్ ప్రయత్నించాం. అది మనిషి అస్థిపంజరం లాంటి గీతల బొమ్మ ఇచ్చి భంగిమ నిర్ణయించే పద్ధతి. కానీ ఆ అస్థిపంజరానికి రెండు చేతులే ఉంటాయి. దేవుళ్ల పనికి ఉపయోగపడదు. దానికి బదులు చేత్తో గీసిన రేఖాచిత్రాన్ని కంట్రోల్‌నెట్‌కు ఇచ్చాం. గీతలను అనుసరించి రంగులు నింపమని. నాలుగు చేతులు, నిటారుగా నిలబడే సమభంగం, ఎడమ భుజం మీది జంధ్యం, అన్నీ రేఖల్లోనే ఉన్నాయి. అరచేతులు మాత్రం ఖాళీ.

ఆ రేఖాచిత్రం, నాలుగు ఆయుధాలు మైసూరు సంప్రదాయంలో బొమ్మలు వేసే ఒక చిత్రకారుడు గీసిచ్చారు. ఇరవై నాలుగు బొమ్మలు వేయించుకునే స్తోమత లేదు గానీ ఒక రేఖ, నాలుగు వస్తువులు అంటే ఇచ్చుకోగలిగాం. వాటితో ఏం చేస్తున్నామో ముందే చెప్పాం, దేనికి వాడొచ్చో, దేనికి కూడదో కాగితం మీద రాసుకున్నాం. తన శైలిని ఏ యంత్రానికీ నేర్పకూడదని ఆయన అడిగారు, ఒప్పుకున్నాం. వీడియోలో పేరు వేస్తామంటే మాత్రం వద్దన్నారు: "రంగులు నావి కాదు కదా సార్."

తర్వాత పని సులువు. ప్రతి ఆయుధం విడి పొర. ఒక్కోదానికి కుడిచేతి రూపం, ఎడమచేతి రూపం విడిగా గీయించాం, ఎందుకంటే వేళ్లు పట్టుకునే దిక్కు మారుతుంది. కింది చేతికి గద నేలకు ఆనుతుంది, పైచేతికి భుజం పక్కన నిలుస్తుంది. అవి అమర్చాక, వేళ్లు ఆయుధం కలిసే అతుకు దగ్గర మాత్రం, బొమ్మలో ఆ కాస్త భాగాన్నే ఏఐ చేత మళ్లీ వేయించే ఇన్‌పెయింటింగ్‌తో నీడ సరిచేశాం. అదీ తక్కువ బలంతో. బలం పెంచితే యంత్రం తన తెలివి చూపించి శంఖాన్ని మళ్లీ మొగ్గగా మార్చేస్తుంది. ప్రభావళి, మండపం, వెనక ఆకాశం మాత్రం ఏఐకే వదిలేశాం. అక్కడ దాని తప్పులకు ఎవరూ నొచ్చుకోరు.

కదలిక

నిలకడ బొమ్మను ఐదు సెకన్ల వీడియోగా మార్చే సాధనాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. కేశవుడి బొమ్మ ఇచ్చి చూశాం. మూడో సెకనులో స్వామి రెప్ప వేశాడు. చిన్నగా నవ్వి తల తిప్పాడు. తల తిప్పే సందులో పై ఎడమచేయి మెల్లగా వెనక్కి కరిగి మూడు చేతులే మిగిలాయి. మావాడు చెయ్యి పోయిందని బాధపడ్డాడు, అత్తగారు రెప్ప చూసి బాధపడ్డారు.

"దమయంతి స్వయంవరంలో నలుణ్ణి ఎలా గుర్తుపట్టిందిరా? దేవతలు రెప్ప వేయరు, చెమట పట్టరు, వాళ్ల దండలు వాడవు, కాళ్లు నేలకు తగలవు. నీ స్వామి రెప్ప వేస్తున్నాడంటే ఎవరో వేషం వేసుకొచ్చినట్టు!"

అత్తగారి ఆ మాట రూలు అయిపోయింది. దేవుడి శరీరం కదలదు, కన్ను కదలదు, పెదవి అసలే కదలదు. పెదవి కదిలించి స్వామి చేతే శ్లోకం చెప్పించే వీడియోలు బోలెడు వస్తున్నాయి. స్వామి నోట మనం రాసిన మాట పెట్టడం నాకు భయంగా ఉంటుంది, అది "నమస్కారం భక్తులారా" అయినా సరే. కదిలేవి దీపం వెలుగు, ధూపం, మెడలో తులసిమాల అంచు. పొరలు ముందే విడివిడిగా ఉన్నాయి కాబట్టి కెమెరా పాదాల నుంచి ముఖం దాకా మెల్లగా వెళ్లినట్టు చూపిస్తే చాలు. గుడిలో మనం చూసే వరసా అదే.

నిలువు వీడియోలో పాదాలు తెగకుండా చూడాలి. ఫోను తెర కింద పేరు, శీర్షిక, కుడివైపు లైకు బటన్లు వస్తాయి. బొమ్మను మధ్యకు తేకపోతే శీర్షిక అక్షరాలు పాదాల మీద పడతాయి. కాబట్టి కింది ఐదో వంతు ఖాళీ నేలగా వదిలేస్తున్నాం.

ముఖం, నామం

శాస్త్రిగారు తిప్పి పంపిన వాటిలో సగం ముఖాల వల్లే. ఏఐ మోడల్‌కు ఇష్టమైన ముఖం సినిమా హీరోది. చెక్కిన దవడ, జిమ్ముకు వెళ్లిన పొట్ట. మావాడు వాదించాడు: మన ఇళ్లలో ఎన్టీఆర్ కృష్ణుడి వేషం ఫోటోలకు దండలు వేయలేదా అని. వేశారు. కానీ అది ఎన్టీఆర్ అని దండ వేసిన అందరికీ తెలుసు. ఇది ఎవరి ముఖమో ఎవరికీ తెలీదు. నేర్చుకున్న ఫోటోల్లో ఏ బతికున్న నటుడి పోలికో తేలి వచ్చిందంటే, కామెంట్లలో నామం పోయి ఆ నటుడి అభిమానుల గొడవ మిగులుతుంది. నేను ముఖాన్ని రేఖాచిత్రానికి దగ్గరగా ఉంచి, వాస్తవికత తగ్గించేశాను. కొంచెం బొమ్మలాగే ఉంది, అదే మంచిది.

నుదుటి నామం మరో చిక్కు. ఏఐ ఒక బొమ్మకు పాదం ఉన్న తెంగలై నామం, పక్క బొమ్మకు పాదం లేని వడగలై నామం పెడుతుంది. ఇంకోదానికి మూడు అడ్డగీతల విభూతి! ఇరవై నాలుగు వీడియోల్లో నామం మారుతూ పోతే ఆ సంప్రదాయాల వాళ్లు ఊరుకోరు, ఊరుకోవాల్సిన పనీ లేదు. చూసేవాళ్లలో శ్రీవైష్ణవులు, మాధ్వులు, స్మార్తులు అందరూ ఉన్నారు. శాస్త్రిగారి సలహాతో సన్నని నిలువు కస్తూరి తిలకం ఒకటి చిత్రకారుడి చేత గీయించి అన్నిటికీ అదే వాడుతున్నాం.

లేబుల్

యూట్యూబ్‌లో నిజమనిపించేలా ఏఐతో చేసింది అప్‌లోడ్ చేస్తే ఆ సంగతి చెప్పాలన్న నియమం 2024 మార్చిలో వచ్చింది. బొమ్మలా స్పష్టంగా కనబడే వాటికి అక్కర్లేదు. మాది నిజం అనిపించేది కాదు, అయినా టిక్ పెడుతున్నాం. అయితే మావాళ్లు చూసేది వాట్సాప్‌లో. అక్కడికి డిస్క్రిప్షన్ రాదు, యూట్యూబ్ లేబుల్ రాదు, వీడియో ఒక్కటే వస్తుంది. కాబట్టి మాట వీడియోలోనే ఉండాలి. స్వామి కనబడకముందే మూడు సెకన్ల కార్డు:

"ఈ రూపం చిత్రకారుడి రేఖలు, కృత్రిమ మేధ రంగులతో చేసింది. ఏ ఆలయ మూలమూర్తికీ ప్రతిరూపం కాదు. ఆయుధ క్రమం రూపమండనం ప్రకారం."

రెండో వాక్యం కోసం శాస్త్రిగారు పట్టుబట్టారు. ఫోటో తీయనివ్వని గర్భాలయాల "అసలు దర్శనం" అంటూ ఏఐ బొమ్మలు తిరుగుతున్నాయి. తిరుమల మూలమూర్తి కింది కుడిచేయి వరదం, కింది ఎడమచేయి నడుము మీద. ఆ బొమ్మల్లో అభయహస్తం ఉంటుంది. దాన్ని నమ్మి చేతులు జోడించేవాళ్ల తప్పేం లేదు. చేసి పంపినవాడిదే.

చట్టం సంగతి కూడా మావాడు అడిగాడు. భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్, పాత 295ఎ. మత భావాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో గాయపరిస్తే మూడేళ్ల దాకా జైలు. పొరపాటున మారిన చక్రం ఆ మాటల కిందకు రాదు. కానీ ఏది ఎందుకు ఎంచుకున్నామో రాసి పెట్టుకున్న ఈ డైరీ, శాస్త్రిగారి ఓకే మెసేజీలు దాచుకుంటే నష్టం లేదు.

కార్తీకం చివర

కేశవుడు పూర్తయ్యాడు. ముందుగా మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నలుగురు పెద్దలకు పంపాం. ఒక తాతగారు రెండుసార్లు చూసి "శంఖం కుడిచేతిలో ఉందేమిటి, తప్పు కదా?" అన్నారు. క్యాలెండరుకు అలవాటు పడ్డ కన్ను. ఇది వందమంది అడుగుతారు కాబట్టి ఆయుధాలు ఒక్కొక్కటిగా వెలిగే ఆరు సెకన్ల షాట్ కలిపాం: కింది కుడి పద్మం, పై కుడి శంఖం, అలా. తాతగారు మళ్లీ చూసి, వేళ్ల మీద లెక్కపెట్టుకుని ఊరుకున్నారు.

పక్క బ్లాక్ పిన్నిగారు ఫోన్ చేసి పెద్ద సైజు బొమ్మ అడిగారు, లామినేషన్ చేయించి పూజగదిలో పెట్టుకుంటారట. శాస్త్రిగారిని అడిగాను. "పెట్టుకోవద్దని నేను అనను, ఆవిడ భక్తి ఆవిడది. నువ్వు మాత్రం పంపకు. రేపు దాని కుడిఎడమలు ఎవడో తిప్పి ముద్రిస్తే, ఇది నీ దగ్గర్నుంచే వచ్చిందంటారు" అన్నారు. పిన్నిగారికి రేఖాచిత్రం గీసిన ఆయన ఫోన్ నంబరు ఆయన్ని అడిగి ఇచ్చాను. ఆమె మాధవుణ్ణి గీయించుకుంటున్నారు.

నారాయణుడి పొరలు ఈ రాత్రి అమర్చాలి. SPGC. కింది ఎడమచేతికి చక్రం రావాలి, కిందికి దించిన చేతిలో చక్రం ఎలా నిలుస్తుందో చిత్రకారుడి దగ్గర్నుంచి బొమ్మ ఇంకా రాలేదు.